అమ్మాయి ఎఫ్-1 వీసాకు స్పాన్సర్‌గా నేను సిద్ధం చేసిన కాగితాలు: నా అనుభవం

2024 ఫాల్‌కి మా అమ్మాయికి అమెరికాలో ఎం.ఎస్. అడ్మిషన్ వచ్చింది. స్పాన్సర్‌ని నేనే. జిల్లా పరిషత్ హైస్కూల్లో స్కూల్ అసిస్టెంట్‌గా పనిచేస్తున్నాను, మాది నల్గొండ జిల్లా. బ్యాలెన్స్ సర్టిఫికెట్, అఫిడవిట్ అనే మాటలు మా స్టాఫ్ రూమ్‌లో ఏడాది పొడవునా వినిపిస్తూనే ఉంటాయి, ఎందుకంటే ఇంటికొకరు అమెరికాకు దరఖాస్తు పెడుతున్నారు. కానీ వినే మాటల్లో ఎక్కువ భాగం "ఎంత చూపించాలి" అనే దగ్గరే ఆగిపోతుంది. నేను ఈ పని మొదటి నుంచి చివరి దాకా దగ్గరుండి చేశాక అర్థమైంది ఏంటంటే, ఎంత అన్నది యూనివర్సిటీ ప్రశ్న. ఎక్కడి నుంచి వచ్చింది అన్నది కాన్సులేట్ ప్రశ్న. రెండింటికీ ఒకే కాగితాలు వెళ్తాయి కాబట్టి మొదటి దానికి సరిపోయేలా చేసి ఊరుకుంటే రెండో చోట ఇబ్బంది పడతాం.

ముందు యూనివర్సిటీ సంగతి. అడ్మిషన్ లెటర్ వచ్చాక, వీసాకు కావలసిన ఐ-20 పత్రం ఇవ్వాలంటే మొదటి ఏడాది ఖర్చుకు డబ్బు ఉందని రుజువు అడుగుతారు. అది వాళ్ళ ఇష్టం మీద అడిగేది కాదు, ఆ రుజువు చూడకుండా ఐ-20 జారీ చేయడానికి అక్కడి నిబంధనలు ఒప్పుకోవు. మా అమ్మాయి యూనివర్సిటీ చెప్పిన మొత్తం 38,600 డాలర్లు: ఫీజు 21,800, ఉండటానికి తినడానికి 13,600, ఇన్సూరెన్స్, పుస్తకాలు వగైరా 3,200. అప్పుడు డాలరు 83 రూపాయల దగ్గర ఉంది. అంటే సుమారు 32 లక్షలు. అన్నీ రొక్కంగా మార్చుకోగలిగినవే అయి ఉండాలన్నారు. బంగారం, ఇల్లు, ఎల్ఐసీ పాలసీలు, నా పీఎఫ్ లెక్కలోకి రావన్నారు. బ్యాంకులో సేవింగ్స్, ఫిక్స్‌డ్ డిపాజిట్, మంజూరైన ఎడ్యుకేషన్ లోన్, ఈ మూడే.

మా దగ్గర ఉన్నది ఇదీ. నా పేరు మీద 16 లక్షల ఎఫ్.డి., నా జీతం అకౌంట్లో 3 లక్షలు, మా ఆవిడ పేరు మీద 4 లక్షల ఎఫ్.డి. ఇల్లు తనఖా పెట్టి ప్రభుత్వ రంగ బ్యాంకులో 30 లక్షల ఎడ్యుకేషన్ లోన్ మంజూరు చేయించాం. మొత్తం 53 లక్షలు. యూనివర్సిటీకి 32 చాలు. మిగతా 21 లక్షలు రెండో ఏడాది కోసం. ఈ రెండో ఏడాది లెక్క యూనివర్సిటీ అడగలేదు, కానీ నేను మొదటి రోజే వేసి పెట్టుకున్నాను. దానికి కారణం ఉంది.

వీసా అధికారులు ఎలా ఆలోచించాలో అమెరికా విదేశాంగ శాఖ రాసిపెట్టుకున్న ఫారిన్ అఫైర్స్ మాన్యువల్ బయట ఎవరైనా చదువుకోవచ్చు. స్టూడెంట్ వీసాల భాగంలో డబ్బు గురించి ఉన్న సారాంశం ఇంతే: మొదటి ఏడాది ఖర్చుకు డబ్బు చేతిలో సిద్ధంగా ఉండాలి. ఆ తర్వాతి ఏళ్ళకు, అనుకోని అవాంతరాలు రాకపోతే, అదే దారిలోనో మరో నమ్మకమైన దారిలోనో డబ్బు వస్తుందని కనిపించాలి. అంటే కోర్సు మొత్తానికి సరిపడా డబ్బు ఈరోజే బ్యాంకులో పడి ఉండాలని ఎక్కడా లేదు. రెండో ఏడాదికి దారి చూపిస్తే చాలు. అక్కడికి వెళ్ళి పార్ట్‌టైమ్ చేసి కట్టుకుంటాను అన్నది మాత్రం దారి కిందికి రాదు. మా లెక్కలో రెండో ఏడాదికి లోను మిగులు, నా జీతం, అవసరమైతే జెడ్పీజీపీఎఫ్ నుంచి అడ్వాన్స్. పీఎఫ్‌ని యూనివర్సిటీ వద్దన్నా, ఇంటర్వ్యూలో రెండో ఏడాది గురించి అడిగితే చెప్పడానికి అది మంచి సమాధానమే. అందుకే ఆ ఏడాది పీఎఫ్ స్లిప్ కూడా ఫైల్లో పెట్టాం.

ఇక బ్యాంకు. బ్యాలెన్స్ సర్టిఫికెట్ అంటే ఫలానా తేదీన ఫలానా వాళ్ళ అకౌంట్లో ఇంత ఉంది అని బ్యాంకు తన లెటర్‌హెడ్ మీద రాసిచ్చే కాగితం. అంతకుముందు రోజు ఎంత ఉందో, తర్వాతి రోజు ఎంత ఉంటుందో అది చెప్పదు. మా బ్రాంచ్‌లో మొదట ఇచ్చిన కాగితంలో నా పేరు, ఎఫ్.డి. నంబరు, రూపాయల్లో మొత్తం మాత్రమే ఉన్నాయి. యూనివర్సిటీ నమూనా పక్కన పెట్టి చూస్తే కావలసినవి ఇంకా చాలా ఉన్నాయి. మేనేజర్ గారు ఓపికగా విన్నారు. "మాస్టారూ, మీకేం కావాలో ఒక కాగితం మీద రాసివ్వండి, అదే టైప్ చేయిస్తాను" అన్నారు. రాసిచ్చాను.

డాలర్లలో ఎంతో వేయాలి, ఏ రేటుతో లెక్క కట్టారో కూడా రాయాలి. ఎఫ్.డి. ఎప్పుడు మొదలైంది, ఎప్పుడు ముగుస్తుంది, ముందే తీసుకోవచ్చా లేదా అన్నది ఉండాలి. దాని మీద అప్పు ఏమీ లేదని, లియన్ లేదని ఒక వాక్యం కావాలి. ఇది చిన్న వాక్యమే గానీ చాలా ముఖ్యం. మనలో చాలామంది ఎఫ్.డి. మీద లోను తీసుకుంటారు. 10 లక్షల ఎఫ్.డి. మీద 8 లక్షల అప్పుంటే సర్టిఫికెట్‌లో 10 లక్షలే కనిపిస్తాయి, చేతికొచ్చేది 2 లక్షలే. చివర్లో సంతకం చేసిన అధికారి పేరు, హోదా, బ్రాంచ్ ఫోన్ నంబర్, గుండ్రటి సీలు ఉండాలి. ఎవరైనా ఫోన్ చేసి అడిగితే చెప్పే మనిషి ఎవరో కాగితం మీదే తెలియాలి. కాన్సులేట్లు అనుమానం వచ్చినప్పుడు బ్యాంకులకు నేరుగా ఫోన్ చేసి కనుక్కుంటాయి.

పేరు దగ్గర ఒక చిక్కు వచ్చింది. నా బ్యాంకు అకౌంట్ ఉద్యోగంలో చేరినప్పుడు తెరిచింది, అందులో ఇంటిపేరు ఒక్క అక్షరమే. అమ్మాయి పాస్‌పోర్టులో తండ్రి పేరు దగ్గర ఇంటిపేరు పూర్తిగా ఉంది. మనకు ఇది చాలా మామూలు విషయం, పదో తరగతి సర్టిఫికెట్‌లో ఒకలా, ఆధార్‌లో ఇంకోలా ఉంటుంది. కానీ మన పేర్ల పద్ధతి తెలియని అధికారికి అవి ఇద్దరు మనుషుల పేర్లు. ఆధార్ తీసుకెళ్ళి కేవైసీ మార్పించాను, కొత్త పేరుతో సర్టిఫికెట్ వచ్చేసరికి కొన్ని రోజులు పట్టింది. ఆ టైమ్ లేనివాళ్ళు అఫిడవిట్‌లోనే "ఈ రెండు పేర్లూ నావే" అని ఒక పేరా రాయించుకోవచ్చు. నేను రెండూ చేశాను.

నా 16 లక్షల ఎఫ్.డి. కథ కొంచెం వివరంగా చెప్పాలి. మొత్తం వ్యవహారంలో నాకు అన్నిటికంటే టెన్షన్ పెట్టింది అదే. ఆ డబ్బు 2024 జనవరిలో 30 గుంటల పొలం అమ్మితే వచ్చింది. మా దగ్గర పొలం అమ్మకాలు ఎలా జరుగుతాయో అందరికీ తెలుసు. ధర 16 లక్షలైతే రిజిస్ట్రేషన్ ప్రభుత్వ విలువ మీద, మా పొలానికి అది 4 లక్షలు. మిగతా 12 లక్షలు నోట్ల కట్టలు. కొనే ఆయన కూడా అలాగే అనుకుని వచ్చాడు. నేను ఆ పద్ధతికి ఒప్పుకోలేదు. అలా చేస్తే నా దగ్గర 4 లక్షల దస్తావేజు, బ్యాంకులో 16 లక్షలు ఉంటాయి. మధ్యలో 12 లక్షలు ఎక్కడివి అంటే చూపించడానికి కాగితం ఉండదు. పైగా ఏడాదిలో 10 లక్షలు, ఆపైన నగదు సేవింగ్స్ అకౌంట్లో వేస్తే బ్యాంకు ఇన్‌కమ్ ట్యాక్స్ వాళ్ళకు తెలియజేస్తుంది. భూమి అమ్మకానికి 20 వేలు, ఆపైన నగదు తీసుకోవడమే ఆదాయపు పన్ను చట్టానికి విరుద్ధం.

పూర్తి ధర దస్తావేజులో రాయమన్నాను, డబ్బు ఆర్టీజీఎస్‌లో వేయమన్నాను. ఆయన అభ్యంతరం స్టాంపు డ్యూటీ గురించి. తెలంగాణలో స్టాంపు డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి 7.5 శాతం. 12 లక్షలు ఎక్కువ రాస్తే 90 వేలు ఎక్కువ కట్టాలి. ఆ 90 వేలు నేనే పెట్టుకుంటానని చెప్పాను, అప్పుడు ఒప్పుకున్నాడు. మా ఆవిడ ఇది అనవసరపు ఖర్చు అంది. మా ఊరి పొలం పట్టణానికి దూరంగా ఉన్న వ్యవసాయ భూమి కాబట్టి అమ్మకం లాభం మీద ఆదాయపు పన్ను లేదు. పూర్తి ధర రాస్తే నష్టపోయేది ఆ 90 వేలే. దానికి బదులుగా దస్తావేజు, బ్యాంకు స్టేట్‌మెంట్‌లో కొనుగోలుదారు పేరుతో పడ్డ 16 లక్షలు, మర్నాడు తెరిచిన ఎఫ్.డి., ఈ మూడూ ఒకదాని వెంట ఒకటి అతికినట్టు ఉన్నాయి. అందరికీ ఇది సాధ్యం కాకపోవచ్చు. కానీ పిల్లల చదువు కోసం పొలం అమ్మాలనుకునే వాళ్ళు అమ్మకం జరిగాక కాదు, బేరం కుదిరే రోజే దీని గురించి ఆలోచించాలి.

అదే సమయంలో హైదరాబాద్‌లో ఒక ఏజెంట్ మనిషి ఇంకో దారి చెప్పాడు. ఫండ్స్ వాళ్ళే చూపిస్తారట. మన పేరు మీద అకౌంట్ తెరిచి, అందులో 40 లక్షలు వేసి, సర్టిఫికెట్ తీసుకుని, డబ్బు వెనక్కి తీసేస్తారు. దానికి కమీషన్. సర్టిఫికెట్ నిజమైనదే, బ్యాంకు నిజమైనదే, ఏమీ కాదు అని భరోసా ఇస్తారు. ఇందులో ఉన్న ప్రమాదం ఆ మనిషి చెప్పడు. ఆ డబ్బు నాది అని నోటరీ ముందు ప్రమాణం చేసేది తండ్రి. అదే మాట కాన్సులేట్‌లో ఇంటర్వ్యూ కిటికీ దగ్గర నిలబడి చెప్పేది అమ్మాయి. ముఖ్యమైన విషయంలో అబద్ధం చెప్పి వీసా పొందాలని చూశారని తేలితే అమెరికా చట్టంలోని 212(ఎ)(6)(సి) కింద జీవితాంతం అనర్హత పడుతుంది. మామూలుగా వీసా తిరస్కరిస్తే మళ్ళీ దరఖాస్తు పెట్టుకోవచ్చు, దీనికి అలా కాదు. ఇరవై రెండేళ్ళ పిల్ల మీద అలాంటి మచ్చ వేయించే హక్కు నాకు లేదు.

పట్టుబడకపోయినా పని జరగకపోవచ్చు. మా మండలంలోనే ఇంకో టీచర్ గారబ్బాయి సర్టిఫికెట్ నేను చూశాను, 45 లక్షలు. స్టేట్‌మెంట్ చూస్తే ఏడాదంతా 20 వేలకు, 60 వేలకు మధ్య నడిచిన అకౌంట్. చివరి వారంలో ఎవరెవరి నుంచో ఐదారు పెద్ద మొత్తాలు పడ్డాయి. బంధువుల దగ్గర అప్పుగా తీసుకున్నవే, అందులో మోసం ఏమీ లేదు. అబ్బాయిని అడిగింది మీ నాన్నగారి ఏడాది ఆదాయం ఎంత, ఈ డబ్బు ఎలా కూడబెట్టారు అని. "సేవింగ్స్" అన్నాడు. వీసా తిరస్కరించినట్టు చెప్పే 214(బి) కాగితం చేతికిచ్చారు. ఆ కాగితంలో డబ్బు గురించి ఒక్క ముక్క ఉండదు, అందరికీ ఒకే రకం కాగితం, అప్పీలు లేదు. కాబట్టి దేనివల్ల ఆగిందో రూఢిగా చెప్పలేం. కానీ ఆదాయానికీ, బ్యాలెన్స్‌కూ మధ్య పొంతన లేనప్పుడు "సేవింగ్స్" అన్న మాట నిలబడదు. బంధువుల అప్పు అని ఉన్నదున్నట్టు చెప్పి, వాళ్ళతో గిఫ్ట్ డీడో, అప్పు పత్రమో రాయించుకుని ఉంటే కనీసం మాటకూ కాగితానికీ పొత్తు కుదిరేది.

అఫిడవిట్ విషయానికి వస్తే, యూనివర్సిటీ వాళ్ళదే ఒక ఫారం ఉంది. నింపి సంతకం పెడితే వాళ్ళకు చాలు. కాన్సులేట్ ఫైల్ కోసం విడిగా 100 రూపాయల స్టాంపు పేపరు మీద రాయించాను. నేనెవరు, ఏం పని చేస్తాను, ఏడాది జీతం ఎంత, అమ్మాయి ఏ యూనివర్సిటీలో ఏ కోర్సుకు వెళ్తోంది, ఫీజుకూ బతకడానికీ అయ్యే ఖర్చు నేను భరిస్తాను, నా దగ్గర ఉన్నవి ఇవీ అని ఎఫ్.డి., అకౌంట్ వివరాలు. నోటరీ షాపు దగ్గర కంప్యూటర్లో తయారుగా ఉన్న నమూనాలో "నా ఆస్తులన్నీ కలిపి రెండు కోట్లు" లాంటి వాక్యాలు ముందే ఉంటాయి. అవన్నీ తీయించాను. అఫిడవిట్‌లో ఉన్న ప్రతి అంకె పక్కన ఉన్న బ్యాంకు కాగితంతో రూపాయి తేడా లేకుండా కలవాలి. అందుకే ముందు సర్టిఫికెట్ తెచ్చుకుని, తర్వాతే అఫిడవిట్ రాయించాను. మా ఆవిడ ఎఫ్.డి. ఆమె పేరు మీద ఉంది కాబట్టి ఆమెది వేరే అఫిడవిట్. లోనుకు అఫిడవిట్ అక్కర్లేదు. అప్పు తీసుకునేది అమ్మాయే, నేను కో-బారోయర్‌ని, బ్యాంకు ఇచ్చిన శాంక్షన్ లెటరే రుజువు. అది నిజంగా మంజూరైన లెటరేనా, "కాగితాలు పరిశీలించాక నిర్ణయిస్తాం" అని రాసిన ముందస్తు లెటరా అన్నది చదివి చూసుకోవాలి. రెండూ చూడటానికి ఒకేలా ఉంటాయి.

డల్లాస్‌లో ఉన్న మా బావమరిది తాను కూడా స్పాన్సర్‌గా ఉంటానని ఫోన్ చేశాడు. "బావా, ఐ-134 నింపి పంపిస్తా, నా జీతం డాలర్లలో ఉంది కదా, బలంగా ఉంటుంది" అన్నాడు. ప్రేమతో అన్న మాటే. ఐ-134 అనేది అమెరికాలో ఉన్నవాళ్ళు ఇచ్చే ఆర్థిక సహాయ ప్రకటన, స్టూడెంట్ వీసాకు తప్పనిసరి కాదు. గ్రీన్ కార్డు కేసుల్లో ఇచ్చే ఐ-864 లాగా కోర్టుకెళ్ళి వసూలు చేసుకోగలిగే ఒప్పందం కూడా కాదు. అందుకే మాన్యువల్‌లో అధికారులకు ఇంకో సూచన ఉంది: స్పాన్సర్ దగ్గర ఎంత ఉన్నా సరే, ఇచ్చిన మాట నిలబెట్టుకోవడానికి అతనికి ఉన్న కారణం ఏంటో చూడమని. కన్నతండ్రికి ఆ కారణం ఎవరూ వివరించక్కర్లేదు. మేనమామ అనగానే ఆయనకు పిల్లలెందరు, మీ నాన్న ఎందుకు కట్టడం లేదు అన్న ప్రశ్నలు మొదలవుతాయి. మా డబ్బు సరిపోతున్నప్పుడు ఆ ప్రశ్నలు కొనితెచ్చుకోవడం ఎందుకని వద్దన్నాను. వీసా దరఖాస్తు ఫారం డీఎస్-160లో అమెరికాలో బంధువులున్నారా అన్న చోట మాత్రం ఉన్నారనే పెట్టించాను. ఖర్చు ఎవరు పెడతారన్న చోట తండ్రి అని, ఐ-20 మీద ఉన్న దానికి సరిపోయేలా.

ఇక్కడ ఒక మాట, బ్రిటన్‌కు వెళ్ళే పిల్లల తల్లిదండ్రుల కోసం. అక్కడి పద్ధతి వేరు. చూపించాల్సిన డబ్బు వరుసగా 28 రోజులు అకౌంట్లో ఉండాలి, ఆ 28వ రోజు దరఖాస్తు పెట్టే రోజుకు 31 రోజుల లోపు అయి ఉండాలి. మధ్యలో ఒక్క రోజు తగ్గినా తిరస్కరిస్తారు. తల్లిదండ్రుల అకౌంట్ అయితే పుట్టిన తేదీ సర్టిఫికెట్, అనుమతి లెటర్ పెట్టాలి. ఎవరో బ్రిటన్ అనుభవం చెబితే అమెరికాకూ 28 రోజులే అనుకునేవాళ్ళు మా చుట్టూ ఉన్నారు. అమెరికాకు ఇన్ని రోజులని నియమం లేదు, అధికారికి నమ్మకం కలగడమే నియమం.

జూన్‌లో నానక్‌రామ్‌గూడ కాన్సులేట్‌లో ఇంటర్వ్యూ. లోపలికి అమ్మాయిని ఒక్కదాన్నే పంపిస్తారు. అందుకని అంతకుముందు వారం రోజులు రాత్రి భోజనాల తర్వాత తనతో కూర్చుని మా ఇంటి లెక్క మొత్తం చెప్పాను. నా జీతం ఎంత, అందులో కోతలు పోను చేతికి ఎంత వస్తుంది, ఏ పొలం అమ్మాం, ఎవరికి, లోను వడ్డీ ఎంత, ఇల్లు ఏ బ్యాంకులో ఉంది. మన ఇళ్ళలో ఆడపిల్లలకు ఇవి చెప్పం, చదువుకో చాలు అంటాం. కిటికీ దగ్గర మాట్లాడాల్సింది ఆమె అయినప్పుడు ఇంటి లెక్క ఆమెకు తెలియకపోతే ఫైల్లో ఎన్ని కాగితాలున్నా లాభం లేదు. బట్టీ కొట్టించలేదు. అడ్డదిడ్డంగా అడిగేవాణ్ణి, తన మాటల్లో చెప్పేది.

ఇంటర్వ్యూ రెండు మూడు నిమిషాల్లో అయిపోయింది. యూనివర్సిటీ గురించి, కోర్సు గురించి అడిగాక ఖర్చు ఎవరు పెడుతున్నారన్నారు. నాన్న, గవర్నమెంట్ హైస్కూల్ టీచర్, దాంతోపాటు ఎడ్యుకేషన్ లోన్ అని చెప్పింది. బ్యాంకు కాగితం ఒకటి చూపించమన్నారు. ఎఫ్.డి. సర్టిఫికెట్ ఇచ్చింది. అధికారి అందులో మొదలైన తేదీ చూసి, ఇది జనవరిలోనే తెరిచారు, అంతకుముందు ఈ డబ్బు ఎక్కడుంది అని అడిగారు. అమ్మాయి తడబడలేదు. "జనవరిలో మా నాన్న వరి పొలం అమ్మారు, డబ్బు బ్యాంకు ద్వారానే వచ్చింది, సేల్ డీడ్ నా దగ్గర ఉంది" అని ఫైల్లోంచి తీసి పట్టుకుంది. ఆయన దాన్ని తీసుకోలేదు. కీబోర్డు మీద ఏదో కొట్టి, వీసా ఆమోదించామని చెప్పి పాస్‌పోర్టు ఉంచుకున్నారు. ఫైల్లో మిగతా కాగితాలేవీ బయటికి రాలేదు.

వీసా వచ్చాక ఆ ఫైల్‌ని బీరువాలో పెట్టేయవద్దని అమ్మాయికి చెప్పాను. వీసా ఉన్నా అమెరికాలోకి రానివ్వాలా వద్దా అన్నది ఎయిర్‌పోర్టులో ఇమిగ్రేషన్ అధికారి తేలుస్తారు. ఐ-20తో పాటు డబ్బు రుజువు కూడా అడగవచ్చు. ఆమె బయల్దేరేది ఆగస్టులో, మా సర్టిఫికెట్లు ఫిబ్రవరివి. అందుకని జులై చివర్లో మళ్ళీ బ్యాంకుకు వెళ్ళి కొత్త తేదీతో సర్టిఫికెట్లు తెచ్చాను. మొదటి సెమిస్టర్ ఫీజు అప్పటికే లోను నుంచి కట్టేశాం కాబట్టి లోనులో ఎంత వాడాం, ఇంకా ఎంత మిగిలి ఉంది అని బ్యాంకుతో ఒక లెటర్ రాయించాను, ఫీజు రసీదు దానికి జత చేశాను. అవన్నీ చెక్-ఇన్ సూట్‌కేసులో కాకుండా భుజాన వేసుకునే బ్యాగులో పెట్టుకుని వెళ్ళింది.